బీమ్ మీద పరుచుకున్న లోడ్‌ని ఒక్క పాయింట్ లోడ్‌గా మార్చడం, అది ఎక్కడ పెట్టాలో కనుక్కోవడం ఎలా

బీమ్ మీద లోడ్ ఒక్కచోటే పడకుండా పొడవునా పరుచుకుని ఉంటే రియాక్షన్లు కట్టడానికి ముందు దాన్ని ఒక్క పాయింట్ లోడ్‌గా మార్చుకుంటాం. యూనిఫాంగా ఉంటే ఇబ్బందే లేదు, ఇంటెన్సిటీని పొడవుతో గుణించి సరిగ్గా మధ్యలో పెట్టేస్తే అయిపోతుంది. ఒక చివర తక్కువగా మొదలై రెండో చివరకి పెరుగుతూ పోయే లోడ్ వచ్చినప్పుడే చాలామంది తడబడతారు, అది కూడా బీమ్ మొదటి నుంచి కాకుండా కొంచెం దూరం వదిలి మొదలైతే ఇంకా ఎక్కువ. అందుకే ఇక్కడ అలాంటి లెక్కే ఒకటి తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చేద్దాం, ఆ తర్వాత ఈ మార్పిడి ఎక్కడ వాడకూడదో కూడా అదే లెక్క మీద చూద్దాం, ఎందుకంటే మార్కులు పోయేదీ, డిజైన్ తప్పేదీ ఎక్కువగా అక్కడే.

మన బీమ్ ఇది. AB పొడవు 8 మీటర్లు, ఎడమ చివర A దగ్గర పిన్ సపోర్ట్, కుడి చివర B దగ్గర రోలర్. A నుంచి 2 మీటర్ల దాకా లోడ్ ఏమీ లేదు. ఆ 2 మీటర్ల పాయింట్‌ని C అనుకుందాం. C దగ్గర లోడ్ మీటరుకి 2 కిలోన్యూటన్లతో మొదలై, సరళరేఖలో పెరుగుతూ B దగ్గరకి వచ్చేసరికి మీటరుకి 8 కిలోన్యూటన్లు అవుతుంది. అంటే లోడ్ ఉన్న పొడవు 6 మీటర్లు. బీమ్ సొంత బరువు లెక్కలోకి తీసుకోవట్లేదు.

ముందు బొమ్మ గీయండి, ఇది వదిలేయకండి. బీమ్‌ని ఒక గీతలా గీసి, దాని మీద లోడ్ ఆకారం గీయండి, C దగ్గర ఎత్తు 2, B దగ్గర ఎత్తు 8. ఆ ఎత్తులు బలాలు కావు, ఇంటెన్సిటీలు, అంటే ఆ చోట మీటరుకి ఎంత లోడ్ పడుతోందో చెప్పేవి. B దగ్గర 8 అని రాసి ఉంది కాబట్టి అక్కడ 8 కిలోన్యూటన్ల బలం ఉందనుకుంటే మొదట్లోనే దారి తప్పినట్టే. మీటరుకి కిలోన్యూటన్లని మీటర్లతో గుణిస్తేనే కిలోన్యూటన్లు వస్తాయి, అంటే బలం కావాలంటే ఆ బొమ్మ ఏరియా తీయాలి, ఎత్తు చూస్తే సరిపోదు. బొమ్మ మీదే A నుంచి C దాకా 2 మీటర్లు, C నుంచి B దాకా 6 మీటర్లు అని రాసి పెట్టుకోండి, ఆ 2 మీటర్లు తర్వాత మనకి పని పెడతాయి.

మనం పెట్టబోయే ఒక్క బలం రెండు విషయాల్లో అసలు లోడ్‌తో సరిపోవాలి. ఒకటి, మొత్తం బలం సమానంగా ఉండాలి. రెండు, ఏ పాయింట్ చుట్టూ మొమెంట్ తీసుకున్నా అసలు లోడ్ ఇచ్చే మొమెంటే ఇదీ ఇవ్వాలి. మొదటి షరతు బలం ఎంతో చెప్తుంది, రెండోది అది ఎక్కడ పెట్టాలో చెప్తుంది. మిగతా ఫార్ములాలన్నీ ఈ రెండింటి నుంచి వచ్చినవే.

ఇప్పుడు ఏరియా. మన ఆకారం ట్రెపీజియం, దాన్ని అడ్డంగా కోసి కింద ఒక రెక్టాంగిల్, పైన ఒక ట్రయాంగిల్ చేయండి. రెక్టాంగిల్ ఎత్తు 2, పొడవు 6. ట్రయాంగిల్ ఎత్తు మాత్రం 8 కాదు, 8 లోంచి 2 తీసేస్తే మిగిలే 6, ఎందుకంటే కింద 2 ఇప్పటికే రెక్టాంగిల్‌లోకి వెళ్లిపోయింది, 8 వేస్తే ఆ భాగాన్ని రెండుసార్లు లెక్కపెట్టినట్టు అవుతుంది.

```
R1 = 2 × 6       = 12 kN
R2 = ½ × 6 × 6   = 18 kN
R  = 12 + 18     = 30 kN
```

సగటు ఇంటెన్సిటీ (2 + 8)/2 = 5, దాన్ని 6 మీటర్లతో గుణిస్తే 30, సరిపోయింది.

తర్వాత ఏ ముక్క బలం ఎక్కడ పడుతుందో చూడాలి. రెక్టాంగిల్‌ది సరిగ్గా మధ్యలో, C నుంచి 3 మీటర్లు. ట్రయాంగిల్‌ది ఎత్తున్న వైపు నుంచి మూడో వంతు దూరంలో, అంటే B నుంచి 2 మీటర్లు, C వైపు నుంచి చూస్తే 4 మీటర్లు. ఈ మూడో వంతు ఏ వైపు నుంచి అన్నది బట్టీ పట్టి మర్చిపోయేవాళ్లు చాలామంది, అందుకని అది ఎందుకు అలా వస్తుందో ఒక్కసారి చేత్తో చేసి చూడండి, ఇంక మర్చిపోరు.

ఆ ట్రయాంగిల్‌ని మీటరు వెడల్పుతో ఆరు ముక్కలు చేయండి. సున్నా నుంచి 6 దాకా పెరుగుతోంది కాబట్టి ఒక్కో ముక్క బరువు వరసగా 0.5, 1.5, 2.5, 3.5, 4.5, 5.5 కిలోన్యూటన్లు, కూడితే 18 వస్తుంది. మొదటి మూడు ముక్కలు కలిపితే 4.5 మాత్రమే, చివరి మూడు కలిపితే 13.5, అంటే మొత్తంలో ముప్పావు భాగం B వైపు సగంలోనే ఉంది, కాబట్టి బలం మధ్యలో పడే ప్రసక్తే లేదు. ఇప్పుడు ఒక్కో ముక్క బరువు దాని మధ్యలో పడుతుందనుకుని C చుట్టూ మొమెంట్లు తీసుకోండి, 0.5 కిలోన్యూటన్లు 0.5 మీటర్ల దగ్గర, 1.5 కిలోన్యూటన్లు 1.5 మీటర్ల దగ్గర, అలా ఆరూ కూడితే 71.5 వస్తుంది, దాన్ని 18తో భాగిస్తే సుమారు 3.97 మీటర్లు. ముక్కలు ఇంకా సన్నగా చేసేకొద్దీ అది 4కి దగ్గరవుతుంది. ఇంటిగ్రేషన్ చేసేది కూడా సరిగ్గా ఈ పనే, కాకపోతే ముక్కలు అంతులేనంత సన్నగా ఉంటాయి.

ఇప్పుడు రెండు బలాలనీ ఒక్కటి చేయాలి. C చుట్టూ మొమెంట్లు తీసుకుని మొత్తం బలంతో భాగిస్తే చాలు.

```
30 × d = 12 × 3 + 18 × 4 = 36 + 72 = 108
d = 108 / 30 = 3.6 m   (C → )
x = 2 + 3.6  = 5.6 m   (A → )
```

3.6 వచ్చాక చాలామంది పెన్ను పక్కన పెట్టేస్తారు, కానీ అది C నుంచి దూరం, A నుంచి కావాలంటే మొదట్లో వదిలేసిన ఆ 2 మీటర్లు కలపాలి. జవాబు రాసేటప్పుడు ఎప్పుడూ ఎక్కడి నుంచి అన్నది పక్కనే రాయండి, ఉత్తి 3.6 అని రాస్తే రెండు లైన్ల తర్వాత మీకే గుర్తుండదు. లేదంటే మొదటి నుంచే A చుట్టూ మొమెంట్ తీసుకోండి, అప్పుడు రెక్టాంగిల్ దూరం 5, ట్రయాంగిల్ దూరం 6, 12 × 5 + 18 × 6 = 168, 30తో భాగిస్తే నేరుగా 5.6. నాకైతే ఈ రెండో పద్ధతే నచ్చుతుంది, కలపడం మర్చిపోయే ఛాన్సే ఉండదు.

లెక్క కరెక్టో కాదో తెలుసుకోవడానికి రెండు చెకింగులు ఉన్నాయి. మొదటిది కళ్లతోనే చేసేది. పూర్తిగా యూనిఫాం లోడ్ అయితే బలం మధ్యలో, C నుంచి 3 దగ్గర పడేది, పూర్తిగా సున్నా నుంచి పెరిగే ట్రయాంగిల్ అయితే 4 దగ్గర పడేది, మనది ఈ రెండింటి కలయిక కాబట్టి జవాబు కచ్చితంగా 3కీ 4కీ మధ్యే ఉండాలి. 2.6 అనో 4.4 అనో వస్తే ఇంక ముందుకెళ్లకండి, ట్రయాంగిల్‌ని తిరగేసి పెట్టారేమో చూసుకోండి. రెండో చెకింగ్ ఏంటంటే అదే ట్రెపీజియంని వేరేలా కోయడం. ఈసారి మూల నుంచి మూలకి గీత గీస్తే రెండు ట్రయాంగిల్స్ వస్తాయి, ఒకదాని ఎత్తు C దగ్గర 2, ఇంకోదాని ఎత్తు B దగ్గర 8. మొదటిదాని ఏరియా 6, అది C నుంచి 2 మీటర్ల దగ్గర పడుతుంది, రెండోదాని ఏరియా 24, అది 4 మీటర్ల దగ్గర. 6 × 2 + 24 × 4 = 108, మొత్తం 30, మళ్లీ 3.6 వచ్చింది. ఇది మొదటి పద్ధతి మీద ఆధారపడని లెక్క కాబట్టి రెండూ కలిస్తే ఇంక అనుమానం అక్కర్లేదు.

ఇక రియాక్షన్లు రెండు లైన్ల పని. A చుట్టూ మొమెంట్:

```
RB × 8 = 30 × 5.6 = 168   →  RB = 21 kN
RA = 30 − 21 = 9 kN
```

లోడ్ అంతా B వైపే బరువుగా ఉంది, B ఎక్కువ మోస్తోంది, బాగానే ఉంది. ఆ 2 మీటర్లు కలపడం మర్చిపోయి 3.6 పెట్టి ఉంటే B దగ్గర 13.5, A దగ్గర 16.5 వచ్చేవి, అంటే లోడే లేని వైపు సపోర్ట్ ఎక్కువ మోస్తున్నట్టు, అది చూడగానే తప్పని తెలిసిపోవాలి. నిలువు బలాలు కూడితే ఆ తప్పు జవాబు కూడా 30కే సరిపోతుంది, కాబట్టి ఆ కూడిక ఒక్కటే చూసుకుని ధైర్యపడకండి.

ఇంతవరకూ బాగానే ఉంది, ఇప్పుడు అసలు విషయం. ఈ 30 కిలోన్యూటన్ల బలం మొత్తం బీమ్ బ్యాలెన్స్ విషయంలో మాత్రమే అసలు లోడ్‌కి సమానం, బీమ్ లోపల ఏం జరుగుతోందో దానికి తెలీదు. రియాక్షన్లు కట్టేశాక ఆ పాయింట్ లోడ్‌ని అలాగే ఉంచేసి షియర్ ఫోర్స్, బెండింగ్ మొమెంట్ కూడా దాంతోనే కడితే జవాబులు పూర్తిగా తప్పుతాయి. ఎంత తప్పుతాయో మన బీమ్ మీదే చూద్దాం.

A నుంచి 4 మీటర్ల దగ్గర, అంటే సరిగ్గా మధ్యలో బీమ్‌ని కోశామనుకోండి, ఎడమ ముక్క చూద్దాం. పాయింట్ లోడ్ 5.6 దగ్గర ఉంది, అది కుడి ముక్కలోకి పోయింది, కాబట్టి ఎడమ ముక్క మీద RA తప్ప ఏమీ లేదు, షియర్ 9 కిలోన్యూటన్లు, మొమెంట్ 9 × 4 = 36 కిలోన్యూటన్ మీటర్లు అని వస్తుంది. కానీ నిజంగా ఎడమ ముక్క మీద C నుంచి కోత దాకా 2 మీటర్ల లోడ్ ఉంది కదా, అదెక్కడికి పోయింది? పాయింట్ లోడ్‌లో కలిసి అవతలి వైపుకి వెళ్లిపోయింది, తప్పు అదే.

సరిగ్గా చేయాలంటే ముందు కోయాలి, ఆ తర్వాత మిగిలిన ముక్క మీద ఉన్న లోడ్‌ని మాత్రమే కొత్తగా మార్చాలి. లోడ్ మీటరుకి 1 చొప్పున పెరుగుతోంది, C నుంచి 2 మీటర్లు వచ్చేసరికి 2 నుంచి 4 అయ్యింది. అంటే ఎడమ ముక్క మీద 2 ఎత్తు, 2 పొడవు ఉన్న రెక్టాంగిల్ 4 కిలోన్యూటన్లు, కోత నుంచి 1 మీటర్ దూరంలో, దాని మీద 2 ఎత్తు, 2 పొడవు ఉన్న ట్రయాంగిల్ 2 కిలోన్యూటన్లు. ఈ ట్రయాంగిల్‌కి ఎత్తున్న వైపు కోతే, కాబట్టి దాని దూరం కోత నుంచి 2/3 మీటర్.

```
V = 9 − 4 − 2                   = 3 kN
M = 9 × 4 − 4 × 1 − 2 × (2/3)   ≈ 30.67 kN·m
```

షియర్ 9 కాదు 3, మొమెంట్ 36 కాదు 30.67. అంతకన్నా పెద్ద తేడా గరిష్ఠ మొమెంట్ దగ్గర వస్తుంది. ఒక్క పాయింట్ లోడ్ నమ్ముకుంటే గరిష్ఠం ఆ లోడ్ కిందే, 5.6 దగ్గర, 9 × 5.6 = 50.4 వస్తుంది. నిజంగా గరిష్ఠం వచ్చేది షియర్ సున్నా అయ్యే చోట. C నుంచి s దూరంలో కోస్తే దాని ఎడమ వైపు లోడ్ 2s + s²/2, అది 9కి సమానం అయ్యే చోటు s = √22 − 2, సుమారు 2.69 మీటర్లు, అంటే A నుంచి 4.69. అక్కడ మొమెంట్ సుమారు 31.7. చూడండి, విలువ 50.4 నుంచి 31.7కి దిగింది, చోటు కూడా దాదాపు ఒక మీటర్ ఎడమకి జరిగింది. గరిష్ఠ మొమెంట్ ఎప్పుడూ రిజల్టెంట్ కిందే వస్తుందని అనుకోవడం ఇందుకే కుదరదు. అందుకని రియాక్షన్లు రాగానే బొమ్మలో ఆ పాయింట్ లోడ్‌ని కొట్టేసి అసలు లోడ్‌ని మళ్లీ గీసుకోవడం అలవాటు చేసుకోండి. నేనైతే పాయింట్ లోడ్‌ని మొదటి నుంచీ చుక్కల గీతతోనే గీయమంటాను, అది తాత్కాలికం అని కంటికి కనపడుతూ ఉంటుంది.

ఇదే కారణంతో ఇంకో చోట కూడా దెబ్బ తింటారు, బీమ్ మధ్యలో హింజ్ ఉన్నప్పుడు. ఎడమ చివర A దగ్గర ఫిక్స్ చేసి, 4 మీటర్ల దగ్గర ఇంటర్నల్ హింజ్, 6 మీటర్ల దగ్గర B రోలర్ ఉన్న బీమ్ తీసుకోండి, పొడవునా మీటరుకి 10 కిలోన్యూటన్ల యూనిఫాం లోడ్. మొత్తం 60 కిలోన్యూటన్లు, 3 మీటర్ల దగ్గర అని ముందే మార్చేస్తే అది హింజ్‌కి ఎడమ వైపున పడుతుంది, హింజ్ నుంచి B దాకా ఉన్న ముక్క మీద లోడే ఉండదు, హింజ్ చుట్టూ మొమెంట్ రాస్తే RB సున్నా అని తేలుతుంది, A దగ్గర మొమెంట్ 60 × 3 = 180. అసలైతే ఆ 2 మీటర్ల ముక్క మీద 20 కిలోన్యూటన్లు దాని మధ్యలో ఉన్నాయి, కాబట్టి RB 10, A దగ్గర నిలువు రియాక్షన్ 50, మొమెంట్ 60 × 3 − 10 × 6 = 120. హింజ్ దగ్గర విడగొట్టి, ఆ తర్వాతే ఏ ముక్క లోడ్‌ని ఆ ముక్కకి మార్చాలి. రెండు ముక్కలూ వేరు చేశాక మొత్తం బీమ్‌కి ఈక్వేషన్ రాసేటప్పుడు మాత్రం 60ని 3 దగ్గర పెట్టుకోవచ్చు, పైన 120 అలాగే వచ్చింది, అక్కడ మొత్తం బీమ్ బ్యాలెన్సే చూస్తున్నాం కాబట్టి ఇబ్బంది లేదు.

లోడ్ సరళరేఖలో కాకుండా వంపు తిరిగి ఉంటే రెక్టాంగిల్, ట్రయాంగిల్‌గా కోయడం కుదరదు, అప్పుడు ఇంటిగ్రేషన్ చేయాల్సిందే.

```
R = ∫ w dx
x̄ = ∫ x·w dx / ∫ w dx
```

కింద ఉన్నది ఏరియా, పైన ఉన్నది మొమెంట్, మనం ఇందాక ఆరు ముక్కలతో చేసిందే. ఉదాహరణకి సున్నా దగ్గర మొదలై పొడవు వర్గంతో పాటు పెరిగి చివరకి w0 అయ్యే లోడ్‌కి మొత్తం బలం w0·L/3, అది పడేది సున్నా చివర నుంచి 3L/4 దగ్గర. ట్రయాంగిల్‌కి 2L/3, దీనికి 3L/4, చివరి వైపు ఎక్కువ పోగవుతోంది కాబట్టి అటు ఇంకాస్త జరిగింది, ఆ దిశ సరిగ్గా ఉందో లేదో ఫార్ములా చూడకుండానే చెప్పొచ్చు. ఇంటిగ్రేషన్‌లో జరిగే మామూలు పొరపాటు ఏంటంటే w రాయడానికి x ని ఒక చోట నుంచి కొలిచి, మొమెంట్‌లో x ని ఇంకో చోట నుంచి కొలవడం, రెండూ ఒకే చోట నుంచి మొదలవ్వాలి.

చివరిగా, ఇప్పటిదాకా లోడ్ అంతా కిందికే ఉంది కాబట్టి జవాబు ఎప్పుడూ లోడ్ ఉన్న పొడవు లోపలే వచ్చింది. కొంత కిందికీ కొంత పైకీ ఉంటే అలా రావాలనేం లేదు. మొదటి 2 మీటర్ల మీద మీటరుకి 3 కిందికి, తర్వాతి 2 మీటర్ల మీద మీటరుకి 2 పైకి ఉందనుకోండి, కిందికి 6 కిలోన్యూటన్లు 1 మీటర్ దగ్గర, పైకి 4 కిలోన్యూటన్లు 3 మీటర్ల దగ్గర. నికరంగా కిందికి 2, మొమెంట్ 6 − 12 = −6, భాగిస్తే −3, అంటే లోడ్ మొదలయ్యే చోటుకి ఇంకా ఎడమకి 3 మీటర్ల అవతల. విచిత్రంగా కనిపించినా లెక్క కరెక్టే, ఆ చోట బీమ్ లేకపోయినా బ్యాలెన్స్ ఈక్వేషన్లకి ఇబ్బంది లేదు. కానీ పైకి ఉన్నది కూడా సరిగ్గా 6 అయితే నికర బలం సున్నా, మొమెంట్ మాత్రం 6 × 1 − 6 × 3 = −12 మిగులుతుంది, దాన్ని సున్నాతో భాగించలేం. అలాంటప్పుడు ఆ లోడ్‌కి సమానమైన ఒక్క బలం అంటూ ఉండదు, 12 కిలోన్యూటన్ మీటర్ల కపుల్‌గానే రాయాలి, కపుల్‌కి స్థానం అవసరం లేదు కాబట్టి రియాక్షన్లు కట్టేటప్పుడు దాన్ని బీమ్ మీద ఎక్కడ చూపించినా అవే విలువలు వస్తాయి.